జోనింగ్ డ్యాంపర్లా, చేత్తో తిప్పే డ్యాంపర్లా: డక్టెడ్ ఏసీకి ఏది మేలు?

డక్టెడ్ ఏసీ ఉన్నవాళ్ల నుంచి ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే: "ఒక గదిలో దుప్పటి కప్పుకోవాలి, పక్క గదిలో చెమటలు. జోనింగ్ డ్యాంపర్లు పెట్టిస్తే సరిపోతుందా?" జోనింగ్ పెట్టించుకున్నవాళ్ల నుంచి వచ్చేది ఇంకో ప్రశ్న: "ఇంత ఖర్చుపెట్టాం, ఆ చివరి గది మాత్రం మారలేదు. ఎందుకు?" రెండో ప్రశ్నకు జవాబు తెలిస్తే మొదటిదానికి జవాబు దానంతటదే దొరుకుతుంది.

పోటీ ప్రధానంగా ఇద్దరి మధ్యే. ఒకటి, డక్టు కొమ్మ మొదట్లో ఉండే మామూలు బ్యాలెన్సింగ్ డ్యాంపర్. లోపల ఒక రేకు, బయట ఒక పిడి. ఒకసారి తిప్పి నట్టు బిగిస్తే మళ్లీ ఎవరో కదిపేదాకా అలాగే ఉంటుంది. రెండోది మోటారుతో తిరిగే జోన్ డ్యాంపర్. ఒక్కో జోన్‌కు ఒక థర్మోస్టాట్, అన్నిటి మాటా వినే ఒక ప్యానెల్. థర్మోస్టాట్ చల్లదనం అడిగితే ఆ జోన్ రేకు తెరుచుకుంటుంది, చాలనగానే మూసుకుంటుంది. రేకు రెండిట్లోనూ ఇంచుమించు ఒకటే, తేడా అంతా దాన్ని ఎవరు తిప్పుతారు, ఎప్పుడు తిప్పుతారు అన్నదాంట్లోనే.

కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది మీ గది రోజంతా ఒకేలా తేడాగా ఉందా, లేక పూటను బట్టి మారుతోందా అన్నది. ప్రతి గదిలో ఒక మామూలు థర్మామీటర్ పెట్టి, ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం అంకెలు రాసుకోండి. ఒక గది ఏ పూట చూసినా మిగతావాటికన్నా రెండు డిగ్రీలు ఎక్కువే ఉంటే, దానికి గాలి తక్కువ అందుతోందని అర్థం. అది బ్యాలెన్సింగ్ పని, మోటారుతో అవసరం లేదు. ఉదయం సరిగ్గానే ఉండి, పడమటి కిటికీలోంచి ఎండ పడే వేళకు మాత్రం వేడెక్కుతుంటే చేతి డ్యాంపర్ చాలదు. సాయంత్రానికి సరిపోయేలా తిప్పి పెడితే ఉదయం ఆ గది వణికిస్తుంది. జోనింగ్‌కు నిజమైన పని ఉన్నది ఇక్కడే.

ఇక నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. ఒక్క జోన్ మాత్రమే గాలి అడిగినప్పుడు మిగతా గాలి ఎక్కడికి పోతుంది?

ఒక ఉదాహరణ చూద్దాం. మూడు టన్నుల యూనిట్ అనుకోండి. టన్నుకు 400 సీఎఫ్ఎం లెక్కన, అంటే నిమిషానికి 400 ఘనపు అడుగుల చొప్పున, బ్లోయర్ 1200 తోయాలి. ఇంటిని రెండు జోన్లు చేశారు. కింద హాలు, వంటగది ఒకటి, పైన మూడు పడకగదులు ఒకటి. పై జోన్ డక్టులు 500 సీఎఫ్ఎంకు సరిపడా ఉన్నాయి. రాత్రి పై జోన్ మాత్రమే చల్లదనం అడిగింది, కింది రేకు మూసుకుంది. యూనిట్ ఒకే వేగంతో నడిచేదైతే 1200 సీఎఫ్ఎం 500 దారిలో దూరాలి. డక్టులో గాలి రెట్టింపు కావాలంటే ఒత్తిడి నాలుగు రెట్లు కావాలి. ఇక్కడ గాలి 2.4 రెట్లు, అంటే ఒత్తిడి దాదాపు ఆరు రెట్లు. అంత ఒత్తిడి ఇచ్చే బ్లోయర్ ఇళ్లలో ఉండదు.

అప్పుడు జరిగేది రెండిట్లో ఒకటి. మామూలు మోటారైతే గాలి సగానికో, ఇంకా తక్కువకో పడిపోతుంది. గాలిని చల్లబరిచే కాయిల్ మీదుగా వెళ్లే గాలి చాలక కాయిల్ మీద మంచు పేరుకుంటుంది. గ్రిల్‌లోంచి చల్లటి గాలి వస్తున్నట్టే ఉండి, గంట గడిచేసరికి గాలే రావడం మానేస్తే అనుమానించాల్సింది దీన్నే. గాలి తగ్గకుండా తనంతట తాను వేగం పెంచుకునే మోటారైతే కరెంటు ఎక్కువ తాగుతుంది, గ్రిల్స్ ఈల వేస్తాయి, డక్టు అతుకుల్లోంచి చల్లదనం సీలింగ్‌లోకి కారిపోతుంది.

దీనికి పాతకాలపు మందు బైపాస్ డ్యాంపర్. ఎక్కువైన గాలిని మళ్లీ రిటర్న్‌లోకి, అంటే గదుల గాలిని యూనిట్‌కు వెనక్కి తెచ్చే దారిలోకి మళ్లిస్తారు. వినడానికి బాగానే ఉంటుంది గానీ లెక్క వేసి చూడండి. 13 డిగ్రీల గాలి 700 సీఎఫ్ఎం వెనక్కి వచ్చి, గదుల నుంచి వచ్చే 25 డిగ్రీల 500తో కలిసిందనుకుందాం. కాయిల్‌కు చేరేది 25 కాదు, 18 డిగ్రీల గాలి. అది కాయిల్ దాటాక ఇంకా చల్లబడుతుంది, మళ్లీ అందులో సగానికి పైగా వెనక్కే వస్తుంది. తిరిగిన కొద్దీ ఉష్ణోగ్రత దిగిపోయి చివరికి అదే మంచు. వేడి చేసే కాలంలో ఇదే తలకిందులుగా జరిగి, ఫర్నేస్ మరీ వేడెక్కితే ఆపేసే హై లిమిట్ స్విచ్ పడి ఆగిపోతుంది. బైపాస్ తప్పనిసరి అని ఇన్‌స్టాలర్ అంటే, మీ ఇంటిని మరీ చిన్న జోన్లుగా కోశాడని నేను అనుకుంటాను.

అదే యూనిట్ ఇన్వర్టర్‌తో వేగం తగ్గించుకోగలిగేదైతే కథ వేరు. 40 శాతానికి తగ్గిందంటే గాలి 480 సీఎఫ్ఎం. పై జోన్ దారి 500. ఇబ్బందే లేదు. కాబట్టి ఇన్‌స్టాలర్‌ను అడగాల్సినవి రెండే అంకెలు: యూనిట్ అతి తక్కువ వేగంలో ఎంత గాలి తోస్తుంది, అతి చిన్న జోన్ డక్టులు ఎంత తీసుకుంటాయి. రెండోది మొదటిదానికన్నా చిన్నదైతే జోన్లు తగ్గించాలి. ఇలా లెక్క వేస్తే చాలా ఇళ్లకు రెండు జోన్లు మించవు. గదికో జోన్ అన్నది కాగితం మీద అందంగా ఉంటుంది, అంతే. కొంచెం తేడా అయితే, మూసిన జోన్ రేకును పూర్తిగా మూయకుండా 10, 15 శాతం తెరిచి ఉంచి సర్దుకోవచ్చు.

ఇప్పుడు అన్నీ సరిగ్గా చేశాక కూడా ఆ చివరి గది ఎందుకు మారదో చూద్దాం. మన ఉదాహరణలోని పై జోన్‌లో మూడు గదులున్నాయి, థర్మోస్టాట్ ఒక్కటే, అది మొదటి గదిలో ఉంది. 500 సీఎఫ్ఎంలో మొదటి గదికి 210, రెండో గదికి 180, పొడవాటి ఫ్లెక్స్ డక్టు చివరన ఉన్న మూడో గదికి 110 అందుతున్నాయి. మొదటి గది చల్లబడగానే థర్మోస్టాట్ చాలంటుంది, రేకు మూసుకుంటుంది. మూడో గది అప్పటికి సగం కూడా చల్లబడలేదు. డ్యాంపర్ తన పని తాను సరిగ్గానే చేసింది. దానికి తెలిసింది జోన్ ఒక్కటే, గదుల సంగతి దానికి పట్టదు. జోన్ లోపలి తేడాను సర్దేది మళ్లీ ఆ చేతి డ్యాంపరే.

దాన్ని సర్దే పద్ధతి చాలామంది అనుకునేదానికి వ్యతిరేకం. గాలి తక్కువ వచ్చే గదిలో చేసేదేమీ ఉండదు, దాని డ్యాంపర్‌ను పూర్తిగా తెరిచి వదిలేయాలి. బిగించాల్సింది గాలి ఎక్కువ తినేస్తున్న మొదటి గదిని. పిడి సగానికి తిప్పితే గాలి సగమవుతుందనుకోకండి. ఇళ్లలోని డక్టుల్లో రేకు మొదటి మూడోవంతు తిరిగేదాకా గాలి పెద్దగా తగ్గదు, ఆ తర్వాత ఒక్కసారిగా పడిపోతుంది. అందుకే కొంచెం కొంచెంగా తిప్పుతూ, ప్రతిసారీ గ్రిల్ దగ్గర అనిమోమీటర్‌తో గాలి కొలిచి చూడాలి. కుదిరిన చోట మార్కర్‌తో గీత గీసుకోండి. గ్రిల్ దగ్గరుండే చిన్న లీవర్‌తో ఈ పని చేయొద్దు, శబ్దం సరిగ్గా చెవి దగ్గరే పుడుతుంది.

రెండో కారణం తలుపు. రిటర్న్ గ్రిల్ నడవాలో ఒక్కటే ఉండి, గది తలుపు మూస్తే, లోపలికొచ్చిన గాలి బయటికి పోవడానికి తలుపు కింద సందు తప్ప దారి లేదు. 32 అంగుళాల తలుపు కింద అర అంగుళం సందు అంటే 16 చదరపు అంగుళాలు. గదిలో ఒత్తిడి 3 పాస్కల్స్ దాటకూడదనుకుంటే ఆ సందులోంచి పోయేది సుమారు 30 సీఎఫ్ఎం. గదికి పంపాలనుకున్నది 110. మిగతాది లోపలికి రావడానికే మొరాయిస్తుంది. పరీక్ష తేలిక. ఏసీ నడుస్తుండగా, రెండు రోజులు వేర్వేరుగా, ఒకే వేళకు, ఒకసారి తలుపు తెరిచి, ఒకసారి మూసి గంట సేపు చూడండి. తెరిచినప్పుడు గది చక్కగా చల్లబడుతుంటే ఏ డ్యాంపరూ దాన్ని బాగుచేయలేదు. 110కి కావాల్సింది దాదాపు 60 చదరపు అంగుళాల ఖాళీ. గోడలో ఒక ట్రాన్స్‌ఫర్ గ్రిల్ పెడితే సరి.

జోనింగ్ ఉన్న ఇంట్లో ఇంకోటి కూడా చూడాలి, మోటారు తిరిగి రేకు తిరగకపోవడం. ఇరుసును పట్టుకునే స్క్రూ వదులైతే ప్యానెల్ మీద "తెరిచి ఉంది" అనే లైటు వెలుగుతూనే ఉంటుంది, లోపల రేకు మూసే ఉంటుంది. చాలా డ్యాంపర్లలో ఇరుసు కొసన ఒక గాడి ఉంటుంది, రేకు ఏ వాలులో ఉందో అది చూపిస్తుంది. లైటును నమ్మకుండా ఆ గాడిని చూడండి.

మిగతా దారుల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. గ్రిల్‌లోనే బిగించే స్మార్ట్ వెంట్లు ఒకటి రెండు గదులకు పర్వాలేదు, ఎక్కువ మూశారంటే పైన చెప్పిన ఒత్తిడి గొడవే. డక్టులో పెట్టే బూస్టర్ ఫ్యాను శబ్దం ఎక్కువ, ఫలితం తక్కువ. పైకొకటి, కిందకొకటి పూర్తిగా వేరే యూనిట్లు పెట్టుకోగలిగితే అది మేలైన దారే, కానీ కొత్తగా కట్టే ఇంట్లోనే అది కుదిరే మాట.

నన్నడిగితే వరుస ఇది: ముందు చేతి డ్యాంపర్లతో సర్దడం, రిటర్న్ దారి చూడటం, ఆ తర్వాత కూడా పూటను బట్టి తేడా మిగిలితే, యూనిట్ వేగం తగ్గించుకోగలిగేదైతే రెండు జోన్లు. జోన్లు విడదీసేటప్పుడు అంతస్తును బట్టి కాకుండా, ఒకే వేళకు వేడెక్కే గదులను ఒక జోన్‌లో పెట్టమనండి. మన మూడో గది పడమటి వైపుదైతే దాన్ని మిగతా రెంటితో కట్టేయడమే అసలు పొరపాటు. అయితే ఒంటరిగా అది యూనిట్ కనీస గాలిని మోయలేదు కాబట్టి, కింద పడమర ముఖంగా ఉన్న హాలుతో కలిపి ఒక జోన్ చేయాలి. అలా కలపడానికి డక్టు దారి లేకపోతే ఆ ఒక్క గదికి చిన్న స్ప్లిట్ ఏసీ వేరుగా పెట్టేయడం, దాని కొమ్మ గాలిని మిగతా రెంటికి పంచేయడం జోనింగ్ కన్నా చవకలో తేలుతుంది.