అలైన్‌మెంట్ మ్యాట్రిక్స్: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

సమర్పణకు ముందు పీహెచ్‌డీ డ్రాఫ్టులను మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివిపెట్టడం కొన్నేళ్లుగా నా పనిలో భాగం. నా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా సర్వే ఆధారంగా చేసిన థీసిస్‌లు. కొన్నింటిలో ఇంటర్వ్యూలు కూడా ఉంటాయి. ప్రతిదానికీ ఒక స్ప్రెడ్‌షీట్‌లో అలైన్‌మెంట్ మ్యాట్రిక్స్ వేస్తాను. అడ్డంగా ఒక్కో వరసలో ఒక్కో రీసెర్చ్ ప్రశ్న, నిలువు వరసల్లో అధ్యాయాలు, ఆ ప్రశ్న గురించి ఆ అధ్యాయం ఏం చెప్పిందో గడిలో. ఇదెలా ఉంటుందో రీసెర్చ్ చేసేవాళ్లకు తెలుసు కాబట్టి ఆ వివరాల్లోకి వెళ్లను. టెంప్లేట్ ఎవరిదైనా పెద్ద తేడా ఉండదు. ఇన్నాళ్లుగా నేను దీన్ని వదలకుండా పట్టుకున్నది ఒకే ఒక్క సౌకర్యం కోసం: థీసిస్‌ను చివరి నుంచి మొదటికి చదవనిస్తుంది.

మామూలుగా అందరూ మ్యాట్రిక్స్‌ను ఎడమ నుంచి కుడికి నింపుతారు, అలాగే చదువుతారు. ప్రశ్న ఉంది, పద్ధతి ఉంది, ఫలితం ఉంది, ముగింపు ఉంది, గళ్లన్నీ నిండాయి, అయిపోయింది అనుకుంటారు. అలా చదివితే తేడాలు దొరకవు. ప్రతి అధ్యాయాన్నీ దాని ముందు అధ్యాయం చూసుకునే రాస్తారు కాబట్టి పక్కపక్కనున్న రెండు గళ్లు ఎప్పుడూ దగ్గరగానే కనిపిస్తాయి. ఒక్కో అధ్యాయానికీ కొంచెం కొంచెం జరిగి, ఐదో అధ్యాయానికి వచ్చేసరికి మొదటి అధ్యాయంలో అడిగినదానికి దూరమవుతుంది. కుడి నుంచి ఎడమకు చదివితే మనం అడిగే ప్రశ్నే మారిపోతుంది. ముగింపులో ఒక వాక్యం తీసుకుని, ఇది ఏ పట్టిక మీద నిలబడింది అని అడుగుతాం. ఆ పట్టిక ఏ విశ్లేషణది? ఆ విశ్లేషణ చేస్తామని పద్ధతి చెప్పే మూడో అధ్యాయంలో ఎక్కడ చెప్పారు? అది ఏ ప్రశ్నకు జవాబు? తేడా ఉంటే ఈ నాలుగింటిలో ఎక్కడో ఒకచోట జవాబు రాదు. వెతకాల్సిన చోటు అదే.

దీనికి ఒక షరతు ఉంది. గళ్లలో సారాంశం రాయకూడదు. థీసిస్‌లోని వాక్యాన్ని అక్షరం మార్చకుండా తెచ్చి అతికించాలి. సారాంశం రాసేటప్పుడు మనకు తెలియకుండానే తేడాలు సర్దేస్తాం. ఒక అధ్యాయంలో 'సంబంధం', ఇంకో అధ్యాయంలో 'ప్రభావం' అని ఉంటే, సారాంశంలో రెండూ ఒకే మాటగా మారిపోతాయి. కానీ మొదటిది ఇద్దరూ కలిసి నడుస్తున్నారని మాత్రమే చెబుతుంది, రెండోది ఒకరు ఇంకొకర్ని నడిపిస్తున్నారని చెబుతుంది. ఒకేసారి తీసిన సర్వే డేటా మొదటిదాన్ని మోయగలదు కానీ రెండోదాన్ని మోయలేదు.

ఈ షరతు ఎంత అవసరమో ఒక థీసిస్ దగ్గర నాకు బాగా తెలిసింది. ఆసుపత్రి నర్సుల మీద చేసిన పని అది. పని ఒత్తిడికీ ఉద్యోగం మానేయాలన్న ఆలోచనకూ ఉన్న సంబంధం మొదటి రెండు ప్రశ్నలు. మూడోది సూపర్‌వైజర్ మద్దతు గురించి: 'పని ఒత్తిడికీ మానేయాలన్న ఆలోచనకూ మధ్య సంబంధంలో సూపర్‌వైజర్ మద్దతు పాత్ర ఏమిటి?' రాసినావిడ చాలా శ్రద్ధగల పరిశోధకురాలు. గైడ్ చూశారు, ఇంకొకరు కూడా చదివారు. మ్యాట్రిక్స్ కూడా ఆవిడే వేసి ఇచ్చారు. ప్రతి గడీ నిండి ఉంది. మూడో ప్రశ్న వరసలో రాసింది ఇది: పద్ధతి 'రిగ్రెషన్', ఫలితం 'మద్దతు పాత్ర నిరూపితం', ముగింపు 'మద్దతు ఒత్తిడిని తట్టుకోనిస్తుంది'. చూస్తే ఎక్కడా వంకలేదు.

నేను ఆ గళ్లు తుడిచి, థీసిస్‌లోని వాక్యాలు తెచ్చి పెట్టాను. తర్వాత చివరి నుంచి మొదలుపెట్టాను. ముగింపు వాక్యం ఇలా ఉంది: సూపర్‌వైజర్ మద్దతు ఎక్కువగా ఉన్న నర్సుల్లో ఒత్తిడి ఉన్నా మానేయాలన్న ఆలోచన అంతగా పెరగదు. ఇది మోడరేషన్ మాట. అంటే మద్దతు ఎంత ఉందన్నదాన్ని బట్టి ఒత్తిడికీ ఆలోచనకూ ఉన్న బంధం బలం మారుతుంది. దీన్ని పరీక్షించాలంటే రిగ్రెషన్‌లో ఒత్తిడి, మద్దతు రెండింటినీ గుణించి ఒక ఇంటరాక్షన్ టర్మ్ పెట్టాలి. దాని గుణకం సున్నాకి దూరంగా ఉందో లేదో చూడాలి. మూడో అధ్యాయంలో సరిగ్గా అదే చేస్తానని రాశారు. రెండో అధ్యాయంలో సాహిత్య సమీక్ష కూడా మద్దతు ఒక కవచంలా పనిచేస్తుందన్న వాదన మీదే నడిచింది.

నాలుగో అధ్యాయంలో ఆ పట్టిక తెరిచాను. ఇంటరాక్షన్ టర్మ్ ఉన్న వరసే లేదు. అక్కడున్నది పరోక్ష ప్రభావం, 5000 బూట్‌స్ట్రాప్ నమూనాలతో లెక్కించిన విశ్వాస అంతరం. అంటే ఆవిడ చేసింది మీడియేషన్. ఒత్తిడి పెరిగితే సూపర్‌వైజర్ మద్దతు తగ్గుతుంది, మద్దతు తగ్గితే మానేయాలన్న ఆలోచన పెరుగుతుంది అన్న దారిని పరీక్షించారు. పరోక్ష ప్రభావం సున్నాకి దూరంగానే వచ్చింది. ఆ ఫలితంలో లెక్క తప్పేమీ లేదు. కాకపోతే అది వేరే ప్రశ్నకు జవాబు. మద్దతు మధ్యలో నిలబడి ఒత్తిడిని మోసుకెళ్లే దారి అయితే అది మీడియేషన్. పక్కన నిలబడి ఆ దారిని ఇరుకు చేసేదైతే మోడరేషన్. ఒకటి తేలితే రెండోది తేలినట్టు కాదు.

ఇంతమంది చదివినా ఇది ఎలా తప్పించుకుంది? ప్రశ్నలో 'పాత్ర' అన్న మాట రెండింటికీ సరిపోతుంది కాబట్టి. మూడో అధ్యాయం చదివినవాళ్లు మోడరేషన్ అనుకున్నారు, నాలుగో అధ్యాయం చదివినవాళ్లు మీడియేషన్ అనుకున్నారు. ప్రశ్న దగ్గరికి వెళ్తే ఇద్దరికీ సరైనదిగానే కనిపించింది. అప్పటినుంచి రీసెర్చ్ ప్రశ్నలో 'పాత్ర', 'ప్రాముఖ్యత', 'అంశాలు' లాంటి మాటలు కనబడితే ముందుగా ఆ వరసే తీసుకుంటాను.

తర్వాత జరిగింది కూడా చెప్పాలి, ఎందుకంటే తేడా కనిపెట్టడం కన్నా దాన్ని సరిచేయడమే కష్టం. ఆవిడకు మొదట తోచింది సులభమైన దారి.

"మేడం, ప్రశ్నను మీడియేషన్‌గా మార్చేస్తే అన్నీ కలిసిపోతాయి కదా?" అని అడిగారు.

"కలిసిపోతాయమ్మా. కానీ ఫలితం చూశాక ప్రశ్న రాసినట్టవుతుంది. ప్రపోజల్‌లో ఆమోదం పొందింది మోడరేషన్. రెండో అధ్యాయం మొత్తం దాని మీదే ఉంది. వైవాలో ఎవరైనా ప్రపోజల్ పక్కన పెట్టి చూస్తే ఏం చెబుతావు?" అన్నాను.

డేటా ఆవిడ దగ్గరే ఉంది కాబట్టి మూడో అధ్యాయంలో చెప్పిన విశ్లేషణే చేశారు. ఒత్తిడి, మద్దతు స్కోర్ల నుంచి వాటి సగటులు తీసేసి, గుణించి, రిగ్రెషన్‌లో పెట్టారు. ఇంటరాక్షన్ గుణకం దాదాపు సున్నా. 95 శాతం విశ్వాస అంతరం సున్నాకి రెండు వైపులా పడింది. అంటే కవచం ఉందని ఈ డేటా చెప్పడం లేదు. అలాగని కవచం లేదని కూడా తేలలేదు. ఇంటరాక్షన్‌ను పట్టుకోవడానికి మామూలు సంబంధం కన్నా పెద్ద నమూనా కావాలి. ఈ రెండో మాట కూడా ముగింపులో రాయమన్నాను. మీడియేషన్ ఫలితాన్ని తీసేయలేదు. ముందుగా అనుకోని, అన్వేషణాత్మక విశ్లేషణ అని స్పష్టంగా పేరు పెట్టి, నాలుగో అధ్యాయంలోనే విడి భాగంగా ఉంచారు. ఒకేసారి తీసిన సర్వేలో ఏది ముందు, ఏది తర్వాత అని తేల్చలేమన్న పరిమితి కూడా అక్కడే చేర్చారు. 'మద్దతు పెంచితే ఒత్తిడి దెబ్బ తగ్గుతుంది' అన్న సిఫార్సు ఐదో అధ్యాయం నుంచి వెళ్లిపోయింది. థీసిస్ మొదట్లో ఉండే సారాంశంలో ఇదే మాట ఇంకో రూపంలో ఉంది. దాన్ని కూడా మార్చాల్సి వచ్చింది. చాలామంది మర్చిపోయేది సారాంశాన్నే. అందుకే నా మ్యాట్రిక్స్‌లో దానికీ ఒక నిలువు వరస ఉంటుంది.

ఇంకో చిన్న సౌకర్యం కూడా బాగా పనికొచ్చింది. రీసెర్చ్ ప్రశ్న మొదటి, మూడో, ఐదో అధ్యాయాల్లో ఒకే మాటల్లో ఉండాలి. బి, సి నిలువు వరసల్లో రెండు అధ్యాయాల ప్రశ్నలు అతికిస్తే ఈ సూత్రం తేడా పట్టేస్తుంది:

```
=EXACT(TRIM(B2),TRIM(C2))
```

FALSE వస్తే అక్కడ మాట మారిందని అర్థం. కాకపోతే పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే పంక్తి విరుపులు కూడా వచ్చి, మాటలు ఒకటే అయినా FALSE చూపిస్తుంది. వర్డ్ ఫైలు నుంచి తీసుకోవడం మంచిది. అర్థంలో తేడా ఉందో లేదో ఈ సూత్రం చెప్పదు, ఎక్కడ చూడాలో చెబుతుంది, అంతే.

పైన ఇంతగా మెచ్చుకున్నాను కానీ, ఈ మ్యాట్రిక్స్ అన్ని థీసిస్‌లకూ వర్తించదు. గ్రౌండెడ్ థియరీ లాంటి పనుల్లో డేటా సేకరిస్తున్న కొద్దీ ప్రశ్న మారడం పద్ధతిలో భాగమే. అక్కడ పదం పదం కలవాలని పట్టుబడితే మంచి పనిని పాడుచేసినవాళ్లమవుతాం. అలాంటి థీసిస్‌లకు ప్రశ్న ఎప్పుడు, ఎందుకు మారింది అని ఒక నిలువు వరస అదనంగా పెట్టి, ఆ మార్పు పద్ధతి అధ్యాయంలో చెప్పారా లేదా అన్నది మాత్రమే చూస్తున్నాను. అయినా మ్యాట్రిక్స్ వాటికి పెద్దగా అతకదు. చరిత్ర, సాహిత్యం థీసిస్‌లకు నేను వాడటం మానేశాను. అక్కడ వాదన అధ్యాయం నుంచి అధ్యాయానికి పెరుగుతూ పోతుంది, గళ్లలో ఇమడదు.

ఇంకొకటి, పరిధి దాటడాన్ని ఇది దానంతట అది పట్టదు. అదే నర్సుల థీసిస్‌లో కొలిచింది మానేయాలన్న ఆలోచనను, ముగింపులో ఒకచోట మాట్లాడింది నిజంగా మానేయడం గురించి. సర్వే చేసింది రెండు ఆసుపత్రుల్లో, సిఫార్సు అన్ని ఆసుపత్రులకూ. వరస మొత్తం చదివినా నాకు మొదట ఇవి తట్టలేదు. 'ఎవరిని, దేన్ని, ఎక్కడ కొలిచారు' అని ఒక నిలువు వరస విడిగా పెట్టాకే కనబడ్డాయి. టెంప్లేట్‌లో ఈ వరస లేకపోతే మనమే పెట్టుకోవాలి.

రాసినవాళ్లే తమ మ్యాట్రిక్స్ నింపుకుంటే ఉపయోగం సగానికి పడిపోతుందని కూడా నాకు ఇప్పుడు అనిపిస్తోంది. తమ మనసులో ఉన్న అర్థాన్నే గళ్లలో చూస్తారు. నాకు కుదిరింది బయటి నుంచి చదువుతాను కాబట్టి, పైగా డ్రాఫ్టు పూర్తిగా చేతిలో ఉంటుంది కాబట్టి. అధ్యాయాలు ఇంకా మారుతున్న దశలో వేస్తే, వారం తిరిగేసరికి గళ్లలోని వాక్యాలు పాతవైపోతాయి. ఎవరూ సరిచేయరు. సర్వే థీసిస్ రాస్తూ, చివరి డ్రాఫ్టు దగ్గరికి వచ్చి, మీ వరసలను ఇంకొకరితో చదివించుకోగలిగితే తప్పకుండా వాడండి. ఒంటరిగా, మొదటి డ్రాఫ్టు దశలో ఉన్నవాళ్లు పూర్తి మ్యాట్రిక్స్ జోలికి వెళ్లకుండా, ముగింపులోని ప్రతి వాక్యం పక్కన అది నిలబడ్డ పట్టిక నంబరు రాసుకుంటే చాలనుకుంటాను.