ఆయాసం కేసు: టీచరు పైకి ఆలోచించాలా, విద్యార్థి ఆలోచించాలా?

నెల్లూరు, ఒంగోలు వైపు నర్సింగ్ కాలేజీల్లో కొత్తగా చేరిన ట్యూటర్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. రోగి గుర్తులు సేకరించి, కలిపి చూసి, ఏం చేయాలో తేల్చుకునే క్లినికల్ రీజనింగ్ సైకిల్ చెప్పేటప్పుడు కేసును టీచరే పైకి ఆలోచిస్తూ, అంటే మనసులో నడిచేదంతా నోటితో చెబుతూ నడిపించాలా, లేక విద్యార్థిని పైకి ఆలోచించమని మనం వినాలా? ఆస్ట్రేలియాలో ట్రేసీ లెవెట్-జోన్స్ బృందం 2010లో ప్రచురించిన ఆ ఎనిమిది మెట్లు మీకు తెలిసినవే, మళ్లీ వల్లించను. రెండు పద్ధతులనూ ఒకే కేసు మీద పెట్టి చూద్దాం.

పాఠం కోసం నేను అల్లుకున్న కేసు ఇది. కోవూరు దగ్గరి పల్లె నుంచి వచ్చిన 64 ఏళ్ల అవ్వ. పశువుల కొట్టంలో జారిపడి కుడి తుంటి విరిగింది. ఆపరేషన్ అయి ఐదో రోజు. పొద్దున మొదటిసారి వాకర్‌తో బాత్‌రూమ్ దాకా నడిపించారు. తిరిగొచ్చి మంచం మీద కూర్చోగానే ఒక్కసారిగా ఆయాసం. ‘ఊపిరాడట్లేదమ్మా’ అంటోంది. ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి దగ్గర వంట చేసిన మనిషి, చలికాలంలో ఇన్‌హేలర్ వాడుతుంది. ఆ ఇన్‌హేలర్ దిండు పక్కనే ఉంది.

దాన్ని అక్కడ కావాలనే పెట్టాను. వార్డులో మన ఆలోచనను పక్కదారి పట్టించేది ఇలా కళ్లెదురుగా కనిపించే పాత జబ్బే.

ముందు టీచరు పైకి ఆలోచించే పద్ధతి. క్లాసు ముందు నిలబడి నేను ఇలా మొదలుపెడతాను: ‘అవ్వకు పాత ఆయాసం ఉంది, కాబట్టి మొదట అదే అనుకుంటున్నాను. కానీ ఆ ఆయాసం మెల్లగా పెరుగుతుంది, దగ్గు, పిల్లికూతలు ఉంటాయి. ఇది ఒక్క నిమిషంలో వచ్చింది. ఛాతీ వినాలి. పిల్లికూతలు లేవు. రెండు వైపులా గాలి బాగానే వెళ్తోంది. అంటే నా మొదటి అనుమానం బలహీనపడింది.’ ఇలా సాగుతుంది. విద్యార్థులకు లాభం ఏమిటంటే, అనుభవం ఉన్న నర్సు బుర్రలో ఏ క్రమంలో ఏం నడుస్తుందో మొదటిసారి వింటారు. రెండో సంవత్సరం పిల్లలకు ఇది కావాలి. వినని దాన్ని చేయమంటే ఎవరికైనా కష్టమే.

చిక్కు ఎక్కడంటే, జవాబు టీచరుకు ముందే తెలుసు. తెలిసిన మనిషి పైకి ఆలోచిస్తే అది అప్పజెప్పడంగా మారిపోతుంది. ఊపిరితిత్తుల్లో గడ్డ అడ్డుపడిందని తెలుసు కాబట్టి దానికి సరిపోయే గుర్తులనే అడుగుతుంది, కాళ్లు చూస్తుంది, జవాబు చెబుతుంది. మధ్యలో ఆస్తమాను, గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లో చేరే నీరును, న్యుమోథొరాక్స్‌ను అనుమానించి వదిలేసిన దారి వినిపించదు. పిల్లల నోట్సులో చివరికి ‘ఉన్నట్టుండి ఆయాసం అంటే పల్మనరీ ఎంబాలిజం’ అన్న ఒక్క వాక్యం మిగులుతుంది. దీనికి మందు ఒకటే: కేసును ఇంకో ట్యూటరు రాయాలి. గుర్తులన్నీ చీటీల మీద ఆమె దగ్గరే ఉండాలి. నేను అడిగితేనే ఇవ్వాలి. అప్పుడు నా తటపటాయింపు కూడా నిజమైనదే అవుతుంది.

ఇప్పుడు రెండోది. అదే అవ్వ, కానీ మాట్లాడేది విద్యార్థిని. చార్టు నా దగ్గర ఉంటుంది, అడగనిదే ఏదీ ఇవ్వను.

ఇది మామూలుగా ఎలా సాగుతుందో చెబుతాను. ‘మేడమ్, ఆయాసం మనిషి కదా, నెబ్యులైజర్ పెడదాం’ అంటుంది మొదట. నేను ఔననను, కాదనను. ‘పైకి చెప్తూ ఉండమ్మా’ అంటాను. కాసేపు తడబడి వైటల్స్ అడుగుతుంది. ఇస్తాను: శ్వాస నిమిషానికి 32, నాడి 124, ఆక్సిజన్ 84 శాతం, బీపీ 104/68. ‘బీపీ నార్మలే’ అంటుంది.

నా దృష్టిలో ఈ పాఠం మొత్తానికి కీలకం ఈ మాటే. 104 అంకెగా చూస్తే నార్మలే. నిన్న ఈమె బీపీ ఎంత అని అడిగితే నా చేతిలోని చార్టు 140/86 అని చెబుతుంది. నొప్పి, భయం, ఆయాసం ఉన్న మనిషికి బీపీ పెరగాల్సింది పోయి పై అంకె 36 తగ్గింది. విద్యార్థిని ఆ పాత అంకె అడగకపోతే సైకిల్‌లో మూడో మెట్టు, అంటే సమాచారాన్ని ఒకదానితో ఒకటి కలిపి చూడడం, జరగనే లేదన్నమాట. నేనే చెబుతూ పోయి ఉంటే ‘నిన్న 140 ఉంది, ఇవాళ 104’ అని ఆ రెండూ నేనే కలిపి ఇచ్చేసేదాన్ని. అందరూ తలలూపేవాళ్లు. కలపడం వాళ్లకు వచ్చో రాదో నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

తర్వాత ఛాతీ. ‘పిల్లికూతలు లేవు మేడమ్, కాబట్టి ఆస్తమా కాదు’ అని కొందరు తొందరపడతారు. అక్కడ ఆపకుండా వింటాను గానీ గుర్తుపెట్టుకుంటాను. ఆస్తమా మరీ తీవ్రమైతే గాలి కదలక ఛాతీ నిశ్శబ్దమైపోతుంది, అప్పుడూ పిల్లికూతలు వినిపించవు. తేడా తెలియాలంటే గాలి రెండు వైపులా ఎంత వెళ్తోందో అడగాలి. ఒక వైపే తగ్గితే న్యుమోథొరాక్స్ వైపు చూడాలి, కింది భాగాల్లో చిటపట శబ్దాలుంటే ఊపిరితిత్తుల్లో నీరు వైపు. మా అవ్వకు రెండు వైపులా గాలి చక్కగా వెళ్తోంది, శబ్దాలేవీ లేవు, అయినా ఆక్సిజన్ 84. గాలి లోపలికి వెళ్తోంది గానీ రక్తంలోకి అందడం లేదు. ఈ పొంతన లేనితనం గమనించిన పిల్లకు ఇక నేను చెప్పాల్సింది చాలా తక్కువ. రక్తం వెళ్లే దారిలో అడ్డుందేమో అని తనే అంటుంది, దుప్పటి తొలగించి కాళ్లు చూస్తానంటుంది. ఎడమ పిక్క కుడి పిక్క కంటే టేపుతో కొలిస్తే 4 సెంటీమీటర్లు ఎక్కువ. ఆపరేషన్ అయిన కాలు వాయడం మామూలే. ఇక్కడ వాచింది రెండోది. మందుల చార్టు అడిగితే ఇంకో ముక్క దొరుకుతుంది: గాయం నుంచి రక్తం ఊరుతోందని, గడ్డ కట్టకుండా ఇచ్చే ఎనాక్సపారిన్ 40 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ రెండు రోజులుగా ఆపేశారు.

ఇక్కడి నుంచి మిగతా మెట్లు వేగంగా సాగుతాయి. లేపి కూర్చోబెట్టడం, మాస్క్‌తో ఆక్సిజన్, మంచం దగ్గర నుంచి కదలకుండా ఇంకొకరి చేత డాక్టరును పిలిపించడం, ఆ కాలు పిసకనివ్వకపోవడం, ఈసీజీ, ఐవీ లైన్ సరిచూడడం. కొందరు డి-డైమర్ అంటారు. ఆపరేషనయిన కొత్తలో అది ఎలాగూ పెరిగే ఉంటుంది, డాక్టరు చూసేది సీటీ యాంజియో కోసమే. డాక్టరుకు ఫోన్‌లో ‘పేషెంటుకు ఆయాసం సార్’ అని కాకుండా ఐదో రోజు, తొలి నడక, 84 శాతం, బీపీలో 36 తగ్గుదల, ఎడమ పిక్క వాపు, ఆగిన ఎనాక్సపారిన్ అని వరుసగా చెప్పగలిగితే నాకు చాలు. ఆక్సిజన్ పెట్టాక అంకెలు మళ్లీ చూస్తానని తనంతట తను అనకపోతే మాత్రం అక్కడే ఆపుతాను.

నేను విద్యార్థి వైపే మొగ్గుతాను. తప్పు ఏ మెట్టు మీద జరిగిందో ఈ పద్ధతిలోనే చెవికి వినిపిస్తుంది. అడగాల్సింది అడగలేదా, అడిగీ కలపలేదా, కలిపీ తొందరపడి ఆగిపోయిందా? మూడింటికీ మూడు వేరు వేరు దిద్దుబాట్లు. పరీక్ష పేపరులో మూడూ ఒకే తప్పు జవాబుగా కనిపిస్తాయి.

దీనికీ షరతులున్నాయి. మొదటిది మన నోరు. వినేవాళ్లు మధ్యలో ‘ఎందుకు?’ అని అడిగితే విద్యార్థి ఆలోచన ఆపి, అప్పటికప్పుడు ఒక కారణం కట్టి చెబుతుంది. ఆలోచనను పైకి చెప్పించడం మీద పనిచేసిన ఎరిక్సన్, హెర్బర్ట్ సైమన్‌ల సలహా కూడా ఇదే: మాట్లాడుతూ ఉండమని గుర్తుచేయండి, వివరణ అడగవద్దు. ఎందుకు అనే ప్రశ్నలన్నీ చివరి మెట్టుకు, అంటే వెనక్కి తిరిగి చూసుకునే దాకా దాచుకోవాలి. రెండోది భాష. ఇంగ్లీషులోనే చెప్పమంటే మన పిల్లలు టెన్షన్‌లో మౌనమైపోతారు, ఆ మౌనాన్ని మనం తెలియకపోవడంగా లెక్కేస్తాం. తెలుగులో ఆలోచించనివ్వండి, డాక్టరుకు చేసే ఫోన్ మాత్రం ఇంగ్లీషులో సాధన చేయించండి. మూడోది, నిజంగా ఆయాసపడుతున్న మనిషి మంచం దగ్గర ఇది చేయకూడదు. అక్కడ ముందు పని. ఆలోచన విప్పి చూసుకోవడం తర్వాత, డ్యూటీ రూమ్‌లో.

కేసు షీటు ఇచ్చి జవాబులు రాయించడం సులువే గానీ గుర్తులన్నీ ముందే కాగితం మీద ఉంటాయి కాబట్టి అడగడం నేర్పదు. మానికిన్‌తో సిమ్యులేషన్ మంచిదే, ల్యాబ్ ఉన్న కాలేజీలు చేయించండి.

ఏ పద్ధతిలో చెప్పినా, పని చేసిందో లేదో తేల్చుకోవడానికి వారం తర్వాత ఇదే అవ్వను మళ్లీ తెస్తాను. అదే ఐదో రోజు, అదే తుంటి, అదే ఆయాసం. కానీ ఈసారి రాత్రంతా ఐవీ ఫ్లూయిడ్స్ ఎక్కాయి, ఛాతీ కింది భాగాల్లో చిటపట శబ్దాలున్నాయి, పిక్కలు రెండూ సమానంగా ఉన్నాయి. జవాబును బట్టీ పట్టినవాళ్లు వెంటనే ‘ఎంబాలిజం మేడమ్’ అంటారు. సైకిల్ పట్టుబడినవాళ్లు ఇంటేక్-అవుట్‌పుట్ చార్టు అడుగుతారు.

అరవై మంది ఉన్న క్లాసులో అందరి చేతా మాట్లాడించలేం కదా అని ఒంగోలు ట్యూటరు ఒకావిడ అడిగారు. ఒక్కరే మాట్లాడతారు. మిగతావాళ్లు ప్రతి గుర్తు బయటికి రాకముందు, తామైతే తర్వాత ఏం అడుగుతారో ఒక్క ముక్కలో రాసుకుంటారు. క్లాసు అయ్యాక ఆ కాగితాలు తీసుకుని ‘నిన్నటి బీపీ’ అని ఎంతమంది రాశారో చూడండి. మర్నాటి క్లాసు ఎక్కడ మొదలుపెట్టాలో వాటిలోనే ఉంటుంది.