డబ్బా మీది కవరేజీ అంకెతో నాలుగేళ్లు

లీటరుకు ఒక కోటింగ్‌లో 120 నుంచి 140 చదరపు అడుగులు అని గోడలకు వేసే నా ఎమల్షన్ రంగు డబ్బా మీద ఉంటుంది. నాలుగేళ్లలో నాలుగు గదులకు ఇదే అంకె పట్టుకుని లెక్క వేశాను. ఆ 140 మీద నాకు కోపం ఇంకా పోలేదు.

మొదటి గది 12 అడుగుల పొడవు, 10 వెడల్పు, 10 ఎత్తు. నాలుగు గోడలు కలిపి 440 చదరపు అడుగులు. తలుపుకు 21, రెండు కిటికీలకు 32 తీసేస్తే 387. రెండు కోటింగ్‌లకు 774. దాన్ని 140తో భాగిస్తే ఐదున్నర లీటర్లు వచ్చింది. ఆరు కొన్నాను, మిగులుతుందనే అనుకున్నాను.

మొదటి కోటింగ్‌కే నాలుగున్నర లీటర్లు అయిపోయింది. పాత గోడకు అక్కడక్కడా పుట్టీ పెట్టి, దాని మీద ప్రైమర్ వేయలేదు. పుట్టీ ఉన్నచోటల్లా రంగును పీల్చేసింది. లీటరు 90 అడుగులు కూడా సరిగ్గా రాలేదు. రెండో కోటింగ్ బాగానే సాగింది కానీ, రెండో గోడ సగంలో డబ్బా ఖాళీ. అదే షేడ్ నంబరుతో మరో మూడు లీటర్లు కలిపించి తెచ్చాను. ఆరాక పక్క నుంచి వెలుతురు పడితే గోడ మధ్యలో అతుకు కనిపించింది. వేర్వేరు రోజుల్లో కలిపిన రంగుకు కొంచెం తేడా వస్తుంది. ఆ గోడను మూల నుంచి మూల దాకా మళ్లీ వేయాల్సి వచ్చింది. మొత్తం తొమ్మిది లీటర్ల ఖర్చు. పైగా చిన్న డబ్బాల్లో కొన్నాను కాబట్టి లీటరు ధర కూడా ఎక్కువే పడింది.

తలుపులు, కిటికీలు తీసేసే లెక్క భలే ఉందని అప్పట్లో అందరికీ చెప్పాను. ఇప్పుడు కొంచెం సవరించుకుంటాను. కిటికీ చుట్టూ గోడ మందం లోపలికి ఉంటుంది కదా, దానికీ రంగు వేయాలి. 4×4 కిటికీ చుట్టుకొలత 16 అడుగులు, లోతు అర అడుగు, అంటే 8 చదరపు అడుగులు. రెండు కిటికీలకు తీసేసిన 32లో సగం అలా వెనక్కి వచ్చేసింది.

ఇప్పుడు ముందు ఒక్క లీటరే కొని, ఒక గోడ మీద వేసి, ఎంత మేర వచ్చిందో టేపుతో కొలుస్తాను. మొదటి కోటింగ్‌కు ఆ అంకెతోనే భాగిస్తాను. రెండోదానికి డబ్బా మీది తక్కువ అంకె, అంటే 120. మిగతాదంతా ఒకేసారి కలిపించి, ఆ మొదటి లీటరు వేసిన గోడకు కూడా రెండో కోటింగ్ కొత్త రంగుతోనే వేస్తాను. తర్వాతి మూడు గదుల్లో అర లీటరుకు మించి తేడా రాలేదు.

నావి పుట్టీ అతుకులున్న పాత గోడలు, వేసేది రోలర్‌తో. ప్రైమర్ పట్టిన నున్నని గోడ మీద అదే షేడ్ మళ్లీ వేసేవాళ్లకు 140 నిజంగానే రావచ్చు. నాకు మాత్రం ఒక్కసారీ రాలేదు.