పెద్ద వీడియోలు, షార్ట్స్, మెంబర్‌షిప్: నిబంధనలు మారినా నిలబడే ఆదాయం ఏది?

యూట్యూబ్‌లో సొంతంగా వీడియోలు చేసుకునేవారికి వేదిక ద్వారా వచ్చే ఆదాయం ప్రధానంగా మూడు దారుల్లో వస్తుంది. పెద్ద వీడియోల పేజీలో వచ్చే ప్రకటనల ఆదాయంలో 55 శాతం, షార్ట్స్‌లో వారికి కేటాయించిన మొత్తంలో 45 శాతం, చందాదారుల మెంబర్‌షిప్ రుసుములో 70 శాతం వారికి దక్కుతుంది. ఈ మూడు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే ఏది మేలో అక్కడే తేలిపోయినట్టు అనిపిస్తుంది. కానీ ఆ శాతం దేనిలో వాటా, దాన్ని ఎవరు ఎలా లెక్కిస్తారు, రేపు ఆ లెక్క మారితే మన చేతిలో ఏం మిగులుతుంది అన్న ప్రశ్నలు వేసుకోకుండా పోల్చడం వల్ల చాలామంది నష్టపోతున్నారు.

ముందుగా షార్ట్స్ సంగతి చూద్దాం, ఎందుకంటే ఎక్కువ అపోహలు ఉన్నది ఇక్కడే. 2023 ఫిబ్రవరి 1 నుంచి షార్ట్స్‌కు ప్రకటనల వాటా ఇస్తున్నారు. పెద్ద వీడియోలో మన వీడియో మీద వచ్చిన ప్రకటనకు మనకు వాటా వస్తుంది. షార్ట్స్‌లో అలా కాకుండా, వరుసగా కదిలే వీడియోల మధ్య వచ్చిన ప్రకటనల డబ్బంతా ఒక్కచోట చేరుతుంది. అందులోంచి సంగీత హక్కుల ఖర్చు తీసేశాక మిగిలిన నిధిని ఒక్కో దేశంలో వచ్చిన వ్యూస్ నిష్పత్తిలో పంచుతారు. ఊహించిన అంకెలతో ఒక లెక్క వేసి చూద్దాం. ఒక దేశంలో ఒక నెలలో మానిటైజేషన్ ఉన్నవారి షార్ట్స్‌కు 10 కోట్ల వ్యూస్, వాటిపై 50,000 డాలర్ల ప్రకటనల ఆదాయం వచ్చాయనుకోండి. ఆ వ్యూస్‌లో సగం ఒక్కో పాట వాడిన షార్ట్స్‌వి, మిగతా సగం పాట లేనివి. పాట ఉన్న భాగానికి చెందే 25,000 డాలర్లలో సగం, అంటే 12,500 డాలర్లు, సంగీతానికి వెళ్తుంది. నిధిలో మిగిలేది 37,500 డాలర్లు. మీకు 10 లక్షల వ్యూస్, అంటే ఒక శాతం, వచ్చి ఉంటే మీ పేరిట 375 డాలర్లు పడతాయి. అందులో 45 శాతం, సుమారు 169 డాలర్లు, మీకు అందుతుంది.

ఈ లెక్కలో గమనించవలసినది ఒకటుంది. మీరు ఒక్క పాట కూడా వాడకపోయినా మీకు వచ్చేది అదే 169 డాలర్లు. ఇతరులు వాడిన పాటల ఖర్చు నిధి మొత్తం మీద పడుతుంది కనుక, మీ జాగ్రత్తకు విడిగా ప్రతిఫలం ఉండదు. పైగా వ్యూ అంటే ఏమిటన్నది కూడా వేదికే నిర్ణయిస్తుంది. 2025 మార్చి 31 నుంచి షార్ట్ మొదలైనా, మళ్లీ మొదటినుంచి ఆడినా వ్యూ కిందే లెక్క వేస్తున్నారు. అందువల్ల పైకి కనిపించే వ్యూస్ పెరిగాయి. చెల్లింపులు, అర్హత మాత్రం కాసేపైనా ఆగి చూసినవాటినే లెక్కించే ఎంగేజ్డ్ వ్యూస్ అనే పాత పద్ధతి లెక్కపైనే ఆధారపడి ఉన్నాయి. వ్యూస్ పెరిగినా డబ్బు పెరగలేదని ఆందోళన పడేవారు అనలిటిక్స్‌లో ఈ రెండు వరుసలను పక్కపక్కన చూస్తే కారణం వెంటనే తెలుస్తుంది. ఇంకొకటి, షార్ట్స్ ఫీడ్‌లో చూసిన సమయం ప్రకటనల ఆదాయానికి కావలసిన 4,000 గంటల వీక్షణ అర్హతలో చేరదు.

పెద్ద వీడియోల ఆదాయం ఇంతకన్నా స్పష్టమైనది. 8 నిమిషాలు, అంతకు మించిన వీడియోలో మధ్యలో ప్రకటనలు పెట్టుకోవచ్చు. బాగా వెతికి చూసే విషయం మీద చేసిన పాత వీడియో ఏళ్ల తరబడి డబ్బు తెస్తూనే ఉంటుంది. ఆ పాత వీడియోల సంపదే కొత్త నిబంధన వచ్చినప్పుడు అందరికంటే ముందు దెబ్బ తింటుంది. 2022 నవంబరులో అసభ్య పదాలపై నిబంధనను కఠినం చేసి, అప్పటికే ఉన్న వీడియోలకూ వర్తింపజేయడంతో, ఎప్పుడో చేసిన వీడియోల పక్కన పసుపు రంగు డాలర్ గుర్తు పడింది, అంటే వాటికి ప్రకటనలు పరిమితమయ్యాయి. విమర్శలు రావడంతో 2023 మార్చిలో ఆ నిబంధనను సడలించారు. ఆ నడుమ పోయిన ఆదాయం పోయినట్టే. అంతకు ముందు, 2018 జనవరిలో 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలని ప్రకటించి ఫిబ్రవరి 20 నుంచి అమలు చేసినప్పుడు, అప్పటికే ప్రకటనల డబ్బు అందుకుంటున్న చిన్న చానెళ్లు ఆ అర్హతనే కోల్పోయాయి. ఐదు వారాల ముందస్తు సమయంలో 4,000 గంటలు కూడగట్టడం చిన్న చానెల్‌కు సాధ్యమయ్యే పని కాదు.

ఇక చందా. 200 మంది నెలకు 3 డాలర్ల చొప్పున ఇస్తే 600 డాలర్లు. యూట్యూబ్ మెంబర్‌షిప్‌లో పన్నులు, ఇతర కోతలు పక్కన పెడితే 420 డాలర్లు మీవి. ఈ మొత్తం పై ఉదాహరణ ప్రకారం షార్ట్స్‌లో రావాలంటే దాదాపు 25 లక్షల వ్యూస్ కావాలి. పేట్రియాన్ వంటి బయటి వేదికలో కొత్తగా చేరే చానెళ్లకు 10 శాతం వేదిక రుసుము, దానిపై చెల్లింపుల ఖర్చు ఉంటాయి, మిగిలేది ఎక్కువే. నా దృష్టిలో అసలు తేడా ఈ శాతాల్లో లేదు. యూట్యూబ్ మెంబర్ల ఇమెయిల్ చిరునామాలు మీకు ఇవ్వదు, పైగా మానిటైజేషన్ ఆగితే మెంబర్‌షిప్ కూడా దానితోపాటే ఆగిపోతుంది. పేట్రియాన్‌లో చందాదారుల ఇమెయిల్ జాబితాను దింపుకోవచ్చు, వేదిక మారినా వారిని మళ్లీ పిలవవచ్చు.

బయటి వేదికకు నిబంధనల బెడద లేదని చెప్పలేం. 2017 డిసెంబరులో పేట్రియాన్ ఒక్కో చందాకు 2.9 శాతం, దానిపై 35 సెంట్లు చందాదారుల నుంచే వసూలు చేస్తామని ప్రకటించింది. ఒక డాలర్ ఇచ్చేవారు దాదాపు 1.38 డాలర్లు కట్టవలసి వచ్చేది. చిన్న మొత్తాలిచ్చేవారు పెద్ద సంఖ్యలో చందాలు రద్దు చేసుకోవడంతో దాదాపు వారంలోనే ఆ నిర్ణయాన్ని ఉపసంహరించుకున్నారు. నిర్ణయం వెనక్కి పోయినంత తేలికగా చందాదారులు వెనక్కి రారు. ఐఫోన్ యాప్‌లో కట్టే చందాపై ఆపిల్ కోత కూడా ఉంటుంది కాబట్టి, వెబ్‌సైట్‌లోనే చేరమని చందాదారులకు ముందే చెప్పడం అవసరం.

మూడింటిలో ఏది మేలంటే, పాఠాలు, మరమ్మతులు, విశ్లేషణలు చేసే చానెల్‌కు నేను పెద్ద వీడియోలనే ఆధారంగా తీసుకోమంటాను. షార్ట్స్‌ను కొత్తవారు చానెల్‌ను కనుగొనే దారిగా మాత్రమే చూడాలి, ఆ ఆదాయం మీద ఏ ఖర్చూ పెట్టుకోకూడదు. వరుసగా కొన్ని వీడియోల కింద అవే పేర్లు వ్యాఖ్యల్లో కనిపించడం మొదలైన రోజునే బయటి చందా తెరవడం మంచిది, ఎందుకంటే పసుపు గుర్తు పడ్డాక చందా అడగడం అప్పటికే ఆలస్యం. కేవలం వినోదం కోసం, ముఖ్యంగా షార్ట్స్‌తోనే నడిచే చానెళ్లకు ఈ సలహా సరిపోదు. వారి వీక్షకులు ఫలానా చానెల్ అని వెతుక్కుంటూ రారు, ఫీడ్ చూపించినదాన్ని చూసి ముందుకు వెళ్తారు. వారికి స్పాన్సర్‌షిప్ ఒప్పందమే ఎక్కువ నమ్మదగినది, దాని ధరను వేదిక నిర్ణయించదు గనుక. ఎవరైనా సరే, నెలకొకసారి యూట్యూబ్ స్టూడియోలో ఆదాయం పేజీ తెరిచి, అన్నిటికన్నా పెద్ద వరుసను మూసి చూసి, మిగిలిన మొత్తంతో వచ్చే మూడు నెలల తయారీ ఖర్చు గడుస్తుందో లేదో లెక్క వేసుకోవాలి. గడవకపోతే ముందుగా పెంచవలసింది రెండో వరుస.