వర్నియర్ కాలిపర్, మైక్రోమీటర్: లేత్ పనిలో ఏళ్ల తరబడి వాడాక

లేత్ పనికి నేను రోజూ వాడేవి రెండు కొలత సాధనాలు. ఒకటి 0.02 మి.మీ. కనీసపు కొలత ఉన్న 150 మి.మీ. వర్నియర్ కాలిపర్, రెండోది 0.01 మి.మీ. కనీసపు కొలత ఉన్న 0–25 మి.మీ. మైక్రోమీటర్. రెండూ డిజిటల్ కావు, గీతలు చూసి చదవాల్సినవే. మైక్రోమీటర్ ఉంటే వర్నియర్‌తో పనేముందని కొత్తవారు అడుగుతుంటారు. నా అనుభవంలో ఈ రెండూ కలిసే పనిచేయాలి. మైక్రోమీటర్ సూక్ష్మంగా చెబుతుంది కానీ దానిని అర మిల్లీమీటరు తప్పుగా చదవడం చాలా సులువు. ఆ తప్పును వర్నియర్ అక్కడికక్కడే పట్టిస్తుంది.

6204 బేరింగు కూర్చునే షాఫ్టునే తీసుకుందాం. బేరింగు లోపలి వ్యాసం 20 మి.మీ. మోటారు షాఫ్టులకు తరచుగా ఇచ్చే, షాఫ్టు బేరింగులో ఎంత బిగుతుగా కూర్చోవాలో చెప్పే కె6 ఫిట్ ప్రకారం షాఫ్టు వ్యాసం 20.002కూ 20.015కూ మధ్య ఉండాలి, అంటే మనకున్న వెసులుబాటు 0.013 మి.మీ. మాత్రమే. వర్నియర్‌లో ఒక గీత విలువే 0.02 కనుక, అది 20.00 అని చూపినా 20.02 అని చూపినా షాఫ్టు హద్దులో ఉందో లేదో తేల్చలేము. రఫ్ టర్నింగ్ వరకు వర్నియర్ చాలు, ఫినిషింగ్ కోతకు మాత్రం మైక్రోమీటర్ తప్పదు. అక్కడ కూడా హద్దులు రెండు గీతల మధ్యనే పడతాయి కాబట్టి, గీతకూ గీతకూ మధ్య ఖాళీని కంటితో అంచనా వేయాల్సి ఉంటుంది.

రఫ్ కోత తర్వాత వర్నియర్ సున్నా గీత ప్రధాన స్కేలుపై 20 దాటి ఉంది, వర్నియర్‌పై 4 అంకె తర్వాత నాలుగో చిన్న గీత పైగీతతో కలిసింది అనుకోండి. కొలత 20.48. కొత్తవారు సున్నా గీతను వదిలి, జారే పలక అంచు దగ్గర ప్రధాన స్కేలును చదువుతారు, దాంతో మిల్లీమీటర్లే తప్పుతాయి. ఏ గీత కలిసిందో అనుమానం వస్తే నేను దాని ఇరుపక్కల గీతలను చూస్తాను. అవి రెండూ సమానంగా లోపలికి తప్పి ఉంటే మధ్యదే సరైన గీత. స్కేలును నిటారుగా ఎదురుగా పెట్టుకోకపోతే ఈ పరీక్ష కూడా మోసం చేస్తుంది.

ఇప్పుడు అదే షాఫ్టును మైక్రోమీటర్‌తో చూడండి. చేత్తో తిప్పే గొట్టమైన థింబుల్ ఒక చుట్టు తిరిగితే, ముక్కను తాకే కడ్డీ అయిన స్పిండిల్ అర మిల్లీమీటరు కదులుతుంది, ఆ చుట్టు 50 భాగాలు. కదలని లోపలి గొట్టమైన స్లీవ్‌పై 20 గీత కనిపిస్తుంది, థింబుల్‌పై 48 వస్తుంది. అయితే థింబుల్ ఆ చుట్టును దాదాపు ముగించింది కాబట్టి 20.5 గీత కూడా అంచున తొంగిచూస్తుంది. దాన్ని లెక్కలోకి తీసుకున్నవాడు 20.98 అని చదివి, 20.01కి తేవడానికి వ్యాసంలో 0.97 తీసేస్తాడు. షాఫ్టు 19.51కి దిగి స్క్రాపులోకి పోతుంది. థింబుల్ 45 దాటి ఉన్నప్పుడు, అర గీత పూర్తిగా బయటపడిందా అని చూసి, ఆపై వర్నియర్‌తో సరిచూడడం నాకు విడవని అలవాటు.

కొలిచే ముందు, స్పిండిల్‌కు ఎదురుగా కదలకుండా ఉండే యాన్విల్‌కూ స్పిండిల్‌కూ మధ్య శుభ్రమైన కాగితం పట్టి మెల్లగా లాగితే ముఖాలపై నూనె, పొడి పోతాయి. మూసినప్పుడు థింబుల్ 0.02 చూపిస్తే ప్రతి కొలత నుంచీ 0.02 తీసివేయాలి, సున్నాకు బదులు 48 చూపిస్తే 0.02 కలపాలి. చివరి బిగింపు ఎప్పుడూ థింబుల్ చివరనున్న చిన్న పిడి అయిన ర్యాచెట్‌తోనే, రెండు మూడు టిక్కులు వినిపించేదాకా. థింబుల్‌ను చేత్తో బిగిస్తే ఫ్రేమ్ వంగి కొలత తగ్గి కనిపిస్తుంది, అదీ ఒక్కో చేతికి ఒక్కో రకంగా.

వేడిని చాలామంది లెక్కచేయరు. ఉక్కు మీటరుకు ఒక్కో డిగ్రీకి సుమారు 0.0115 మి.మీ. వ్యాకోచిస్తుంది. మైక్రోమీటర్ కంటే 40 డిగ్రీలు వేడిగా ఉన్న 20 మి.మీ. షాఫ్టు దాదాపు 0.009 లావుగా కనిపిస్తుంది. కె6 వెసులుబాటులో అది మూడింట రెండు వంతులు. అందుకే కోత అవగానే తీసిన కొలతను నేను నమ్మను, షాఫ్టు చల్లారాకే ఫినిషింగ్ కోతకు వెళ్తాను.

ఇన్నేళ్ల వాడకంలో ముందుగా అరిగింది వర్నియర్ దవడల కొసలే. దవడలు మూసి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే, కొసల దగ్గర సన్నటి వెలుగు దూరి అరుగుదల తెలిసిపోతుంది. పని ముక్కను స్కేలుకు దగ్గరగా, దవడల లోతులో పట్టి కొలిస్తే ఆ అరుగుదలా, జారే దవడ ఒరుగుదలా రెండూ కొలతలోకి తక్కువగా వస్తాయి. చిన్న రంధ్రాలకు మాత్రం దాని పై దవడలను వాడను. వాటి అంచుకు కొద్దిపాటి మందం ఉండడం వల్ల గుండ్రటి గోడకు పూర్తిగా ఆనక, వ్యాసం అసలుకంటే తక్కువగా చూపిస్తాయి. బేరింగు హౌసింగు లాంటి చోట్ల బోర్ గేజ్ కొనడమే మేలు.