నైట్ డ్యూటీయా, సాయంత్రం క్లినిక్కా?

ఎంబీబీఎస్ అయింది. హైదరాబాద్‌లో రూమ్ అద్దె కట్టాలి, నీట్ పీజీకి చదవాలి.

జీతం: ఆసుపత్రిలో డ్యూటీ డాక్టర్‌కు నెలజీతం ఖాయం. క్లినిక్‌లో సీనియర్ దగ్గర గంటల లెక్క, తక్కువే.

చదువు: అసలు తేడా ఇక్కడే. ఐసీయూ నైట్ చేస్తే మర్నాడు మధ్యాహ్నం దాకా నిద్రే, లేచి పుస్తకం తెరిచినా బుర్రకెక్కదు. క్లినిక్ అయితే పొద్దున్నే 200 ప్రశ్నల గ్రాండ్ టెస్ట్ రాసి, తప్పులు చూసుకోవచ్చు. తప్పు జవాబుకు ఒక మార్కు కోసే పరీక్షలో ఆ చూసుకోవడమే సగం చదువు.

రిస్క్: ఆసుపత్రి ఒరిజినల్ సర్టిఫికెట్లు అడిగితే ఇవ్వకండి. క్లినిక్‌లో మీరు చూడని పేషెంట్ చీటీ మీద సంతకం పెట్టకండి, రిజిస్ట్రేషన్ నంబర్ మీది.

ఇంటికి డబ్బు పంపాల్సి ఉంటే, పరీక్ష ఏడాది దూరముంటే ఐసీయూ. ఆరు నెలలే ఉంటే క్లినిక్. చివరి రెండు నెలలు వీలైతే అదీ మానేయండి.