క్యాష్ పద్ధతా, అక్రూవల్ పద్ధతా: ఉద్దెర మీద నడిచే దుకాణానికి ఏది?

క్యాష్ పద్ధతిలో డబ్బు చేతులు మారినప్పుడే లెక్క రాస్తారు. అక్రూవల్‌లో డబ్బు వచ్చినా రాకున్నా అమ్మినప్పుడే రాబడి, ఆ సరుకు ఖర్చు రాస్తారు. దేవరకొండలో ఒక ఎరువుల దుకాణం అనుకుందాం. జులైలో 4 లక్షల సరుకు నగదు కట్టి తెచ్చి, మొత్తం 4.6 లక్షలకు అమ్మారు. చేతికొచ్చింది లక్షే. మిగతా 3.6 లక్షలు పత్తి అమ్మాక ఇస్తామన్న ఉద్దెర.

జులైలో క్యాష్ లెక్క: 3 లక్షల నష్టం.
అక్రూవల్ లెక్క: 60 వేల లాభం.

డిసెంబర్‌లో 3 లక్షలు వసూలైతే క్యాష్ లెక్క దాన్నంతా ఆ నెల రాబడిగా చూపిస్తుంది. ఓనర్లు మోసపోయేది ఇక్కడే. అది పాత సరుకు డబ్బు, దాంతో బండి కొంటే వచ్చే సీజన్‌కు పెట్టుబడి ఉండదు.

అక్రూవల్ మోసం వేరు. ఇంకా రావాల్సిన 60 వేలు మొండిబాకీ అయితే లాభమంతా అందులోనే పోయినట్టు. రానిబాకీగా రాసేదాకా పుస్తకం మాత్రం లాభమనే అంటుంది. పైగా జీఎస్టీ కట్టాల్సింది బిల్లు తేదీని బట్టే, వసూలును బట్టి కాదు.

శ్రమ? క్యాష్‌కు రోజు పుస్తకం చాలు. అక్రూవల్‌కు ఎవరి బాకీ ఎన్ని నెలలదో, గోదాంలో సరుకెంతో కూడా రాయాలి.

టిఫిన్ సెంటర్‌కు క్యాష్ చాలు. ఉద్దెర, స్టాకు ఉన్నచోట అక్రూవలే, పక్కన నగదు పుస్తకంతో.